ధార సన్నబడిన ఫిల్టరు

అక్వేరియం కింది అల్మరాలో ఉండే కానిస్టర్ ఫిల్టరు నెలల తరబడి చప్పుడు లేకుండా పనిచేస్తుంది. తర్వాత ఎప్పుడో గమనిస్తే, తొట్టిలోకి పడే నీటిధార సగానికి సన్నబడి ఉంటుంది. ప్లగ్గు బాగానే ఉంది, డబ్బా మీద చెయ్యి వేస్తే సన్నని అదురు తెలుస్తూనే ఉంది, నీళ్లు మాత్రం నీరసంగా వస్తున్నాయి. అప్పుడు చాలామంది మోటారు బలం తగ్గిందని, కొత్తది కొనాలని అనుకుంటారు. దాదాపు ప్రతిసారీ అది పొరపాటే.

ఈ ఫిల్టర్లలో మామూలుగా వాడే మోటారు కరెంటు లయకు కట్టుబడి తిరుగుతుంది. మన దగ్గర కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది కాబట్టి, లోపలున్న అయస్కాంతం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. తిరిగితే ఆ వేగంతోనే తిరుగుతుంది, తిరగలేకపోతే పూర్తిగా ఆగిపోతుంది. వయసు మీదపడి రెండు వేల చుట్లకు దిగిపోవడం అనేది దానికి లేదు. వేగం పెంచి తగ్గించుకునే ఎలక్ట్రానిక్ రకాల సంగతి వేరు, అవి మన ఇళ్లలో తక్కువ. కాబట్టి డబ్బా అదురుతూ ఉండి ధార మాత్రం సన్నబడిందంటే, తప్పు మోటారుది కాకుండా నీళ్లు నడిచే దారిది అయి ఉండాలి. ఆ దారిలో అడ్డుపడేవి ముఖ్యంగా మూడు. లోపలి స్పాంజీలు, దూది, రింగులు బురద పట్టడం ఒకటి. నీటిని తోసే ఇంపెల్లరుకు జిగురో సున్నమో పేరుకోవడం మరొకటి. ట్యూబులో గాలి చిక్కుకోవడం ఇంకొకటి. ఈ మూడూ విడివిడిగా వస్తే పట్టుకోవడం తేలిక. కానీ తరచూ ఒకదాని వల్ల ఇంకొకటి పుడుతుంది. అందుకే గాలి తీసేసినా మర్నాటికి మళ్లీ గాలి చేరిందని చాలామంది విసిగిపోతారు.

ముందు నీళ్లు ఎలా తిరుగుతాయో చూద్దాం. తొట్టిలోంచి ఒక ట్యూబు అంచు దాటి కిందికి దిగుతుంది. నీళ్లు తమ బరువుతోనే డబ్బాలోకి జారతాయి. డబ్బా గాలి చొరకుండా బిగించి ఉంటుంది. నీళ్లు అడుగుకు చేరి, అక్కడినుంచి ఒకదానిమీద ఒకటి పేర్చిన బుట్టల్లోని స్పాంజీల గుండా, రింగుల గుండా పైకి ఎక్కుతాయి. పైమూతలో ఇంపెల్లరు ఉంటుంది. అది ఆ నీటిని రెండో ట్యూబులోకి తోసి తిరిగి తొట్టిలోకి పంపుతుంది. దిగే ట్యూబూ ఎక్కే ట్యూబూ రెండూ నీళ్లతో నిండి ఉన్నంతసేపూ ఒకవైపు నీటి బరువును రెండోవైపు బరువు సరిదూకుతుంది. అందుకే పదిహేను, ఇరవై వాట్ల మోటారు కూడా మూడు అడుగుల ఎత్తుకు సునాయాసంగా నీళ్లు పంపగలుగుతోంది. నిజానికి అది మూడు అడుగులు ఎత్తడం లేదు. దారిలో ఎదురయ్యే ఒరిపిడిని మాత్రమే దాటుతోంది.

పొలాల్లో బావి మోటారు నడిపినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అడుగు వాల్వు కారి గొట్టంలోకి గాలి చొరబడితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. గాలి పట్టిందంటారు, నీళ్లు పోసి మళ్లీ పట్టిస్తారు. అక్వేరియం ఫిల్టరులో జరిగేది అదే. ఇంపెల్లరు రెక్కలు నీటిని తోయగలవు, గాలిని తోయలేవు. రెక్కల చుట్టూ గాలి చేరితే అవి గాలినే చిలుకుతూ ఉంటాయి. దిగే ట్యూబు వంపులో గాలి నిలిస్తే రెండువైపుల బరువు సమతూకం చెడి, ఆ చిన్న మోటారు ఒక్కసారిగా నిజమైన ఎత్తు మోయాల్సి వస్తుంది.

గాలి ఎక్కడినుంచి వచ్చిందో తేల్చడానికి, దారిలో ఎక్కడెక్కడ ఒత్తిడి ఎలా ఉంటుందో తెలిస్తే చాలు. తొట్టి నీటిమట్టం కంటే కిందనున్న భాగమంతా, అంటే అల్మరాలోని ట్యూబులు, డబ్బా, మూత, పై నీటి బరువు కింద ఉంటుంది. అక్కడ చిల్లు పడితే నీళ్లు బయటికి కారతాయి, కంటికి కనిపిస్తాయి. నీటిమట్టం కంటే పైనున్న భాగం, అంటే తొట్టి అంచు మీదుగా వంగే ప్లాస్టిక్ వంపూ దాని అతుకులూ, బయటి గాలి కంటే తక్కువ ఒత్తిడిలో ఉంటాయి. అక్కడ చిల్లు పడితే ఒక్క చుక్క కూడా కారదు. బయటి గాలినే లోపలికి లాగుతుంది. నేల పొడిగా ఉంది కాబట్టి లీకు లేదని తేల్చేసినవాళ్లు ఈ వంపును చూడకుండా వదిలేస్తారు. వెంట్రుకవాసి పగులు చాలు, రోజంతా సన్నని బుడగలు డబ్బాలోకి చేరుతూనే ఉంటాయి. అనుమానం వస్తే ఆ అతుకుల చుట్టూ తడిపిన నూలుగుడ్డ గట్టిగా చుట్టి కాసేపు వినండి. బుడగల చప్పుడు తగ్గితే దొంగ అక్కడే ఉన్నాడు.

మామూలు పరిస్థితిలో మూత దగ్గరి రబ్బరు వలయం, మనం ఓ-రింగ్ అనేది, కిందిభాగంలోదే కాబట్టి చెడితే కారాలి. కానీ స్పాంజీలు బాగా బురద పట్టినప్పుడు లెక్క మారుతుంది. ఇంపెల్లరు లాగుతూనే ఉంటుంది, కిందినుంచి నీళ్లు చాలినంత రావు. దాంతో మూత కింద ఒత్తిడి పడిపోతుంది. ఎండిపోయిన ఓ-రింగ్ అప్పుడు నీళ్లు కార్చడం మాని గాలి పీల్చడం మొదలెడుతుంది. దీనికి స్పష్టమైన గుర్తు ఉంది. స్విచ్చి ఆపితే మూత అంచున చెమ్మ కనిపిస్తుంది, వేస్తే చెమ్మ మాయమై బయటికొచ్చే ధారలో బుడగలు కనిపిస్తాయి. ఓ-రింగ్ బాగానే ఉన్నా ఇంకో దారి ఉంది. ఒత్తిడి తగ్గినచోట నీటిలో కరిగి ఉన్న వాయువులు విడివడి చిన్న బుడగలవుతాయి. అవి ఇంపెల్లరు గదిలో పోగవుతాయి. ఎక్కడా లీకు లేకుండానే రోజూ గాలి చేరే డబ్బాలో చాలాసార్లు అసలు జబ్బు గాలి కాదు, మూసుకుపోయిన దూది. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోవాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోండి.

నీళ్లు తీసుకునే ట్యూబు మీది వాల్వును తిప్పి ధార తగ్గించకూడదని ఫిల్టరు పుస్తకాల్లో రాసేది కూడా ఇందుకే. ధార తగ్గించాలంటే బయటికి పంపే వైపు వాల్వునే తిప్పాలి. తీసుకునే వైపు బిగిస్తే మనమే చేతులారా ఆ తక్కువ ఒత్తిడిని తెచ్చిపెడతాం.

ధార సన్నబడిందని కళ్లతో అనుకోవడం కంటే కొలవడం మేలు. దీనికి రెండు లీటర్ల జగ్గు, ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. నీళ్లు బయటికొచ్చే గొట్టం నోటి కింద, తొట్టి అంచు ఎత్తులోనే జగ్గు పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. 7200ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. పన్నెండు సెకన్లయితే 600 లీటర్లు. ఒక జాగ్రత్త ఉంది. గొట్టాన్ని కిందికి లాగి నేలమీది బకెట్టులో పెట్టి కొలవకూడదు. అలా చేస్తే నీళ్లు పల్లానికి తమంతట తామే ఉరుకుతాయి, ఇంపెల్లరు బలమెంతో తెలియదు. అట్టపెట్టె మీద రాసిన అంకెతోనూ పోల్చుకోకూడదు. అది మామూలుగా లోపల స్పాంజీలూ రింగులూ లేకుండా కొలిచిన లెక్క. వెయ్యి లీటర్లని రాసిన ఫిల్టరు ఇంట్లో బిగించాక ఐదారు వందలు ఇస్తే అది ఆరోగ్యంగానే ఉన్నట్టు. పోల్చాల్సింది అదే ఫిల్టరు శుభ్రంగా ఉన్నరోజు ఇచ్చిన అంకెతో.

హైదరాబాదులో మా మేనత్త కొడుకు ఇంట్లో నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి ఉంది. లెక్కకు 255 లీటర్లు, గులకరాళ్లూ పైన వదిలిన ఖాళీ పోను 220 లీటర్ల నీళ్లు. అందులో గోల్డ్ ఫిష్‌లు. అవి బాగా తింటాయి, బాగా మలినం చేస్తాయి. ఫిల్టరు కొత్తలో రెండు లీటర్ల జగ్గు పన్నెండు సెకన్లకు నిండేది. ఒకరోజు ఫోను చేసి, "బావా, మోటారు పోయినట్టుంది. రోజూ గాలి తీస్తున్నా, సాయంత్రానికి మళ్లీ గరగరమంటోంది. కొత్తది తెచ్చేస్తా" అన్నాడు. "తెద్దువుగాని, ముందు జగ్గు పట్టి చూడు" అన్నాను. ముప్ఫై సెకన్లు పట్టింది. అంటే గంటకు 240 లీటర్లు. మునుపు గంటలో తొట్టి నీళ్లు దాదాపు మూడుసార్లు తిరిగేవి, ఇప్పుడు ఒక్కసారి మాత్రమే.

నేను వెళ్లి చూశాను. అన్నీ ఒకేసారి విప్పి కడిగేస్తే ధార తిరిగి వస్తుంది, కానీ తప్పు ఎక్కడుందో తెలియదు, వచ్చే నెలలో మళ్లీ అదే కథ. అందుకని ఒక్కొక్కటి మార్చి ప్రతిసారీ జగ్గు పట్టాం.

ముందుగా తొట్టిలో మునిగి ఉండే జాలీ. దానికి ఒక ఎండుటాకు ముక్కా కొంత పాచీ అంటుకుని ఉన్నాయి, తీసేశాం. తేడా పెద్దగా కనపడలేదు. తర్వాత ప్లగ్గు పీకి, వాల్వులు మూసి, డబ్బాను వేరు చేశాం. దిగే ట్యూబు చివరను బకెట్టులో పెట్టి వాల్వు తెరిచాం. ఇక్కడ ఇంపెల్లరు ప్రమేయం లేదు, నీళ్లు బరువుతో దిగడమే. అరంగుళానికి మించిన ట్యూబులో, మూడు అడుగుల దిగుడులో పది లీటర్ల బకెట్టు సుమారు అర నిమిషంలో నిండాలి. ఇక్కడ దానికంటే కాస్త ఎక్కువే పట్టింది. ట్యూబు లోపల జిగురు పేరుకున్నమాట నిజమేగానీ ప్రధాన అడ్డంకి అది కాదని అర్థమైంది.

డబ్బా మూత తీయగానే సంగతి బయటపడింది. మావాడు తెల్లని సన్న దూదిని అట్టడుగు బుట్టలో పెట్టాడు. నీళ్లు మరింత తేటగా ఉంటాయని ఎవరో చెప్పారట. నీళ్లు అడుగునుంచి పైకి ఎక్కే డబ్బాలో మొదట తగలాల్సింది ముతక స్పాంజి. పెద్ద చెత్తను అది ఆపాలి. తర్వాత కాస్త సన్న స్పాంజి, ఆపైన సిరామిక్ రింగులు, చిట్టచివర ఇంపెల్లరుకు దగ్గరగా సన్న దూది. ఆ దూదినే అడుగున పెడితే గోల్డ్ ఫిష్‌ల మలినమంతా దాని మీదే పడి కొద్దిరోజుల్లో చాపలా గట్టిపడుతుంది. మేం తీసినప్పుడు అది గోధుమరంగు బిళ్లలా ఉంది, నీళ్లు పోస్తే దిగలేదు. దాన్ని పారేసి, కొత్త దూది పైబుట్టలోకి మార్చి, మిగతావేవీ ముట్టుకోకుండా బిగించి నడిపాం. జగ్గు పదహారు సెకన్లకు నిండింది. 450 లీటర్లు. సాయంత్రానికి గరగర కూడా రాలేదు. రోజూ చేరిన గాలి ఆ బిళ్ల వల్ల పుట్టినదేనన్నమాట.

కొన్నిరోజుల తర్వాత ఇంపెల్లరు తీశాం. పద్నాలుగు సెకన్లకు వచ్చింది. ట్యూబులకు పొడుగు బ్రష్షు వేశాక పదమూడు. కొత్తప్పటి పన్నెండుకు అది దగ్గరే. అక్కడ ఆగాం.

ట్యూబు లోపలి జిగురు ఒక్క సెకనే కదా తేడా తెచ్చింది అనిపించవచ్చు. అన్ని ఇళ్లలో అంత స్వల్పంగా ఉండదు. పదహారు మిల్లీమీటర్ల లోవ్యాసమున్న ట్యూబులో చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల పొర పేరుకుంటే నీళ్లకు మిగిలేది పదమూడు మిల్లీమీటర్లు. చూపుకు కొంచెమే. కానీ అంతే నీటిని పంపడానికి ఒరిపిడి దాదాపు మూడింతలవుతుంది, వ్యాసం తగ్గేకొద్దీ అది అంత వేగంగా పెరుగుతుంది. తొట్టి దగ్గర వెలుతురు పడే పారదర్శక ట్యూబుల్లో పచ్చని పాచి కూడా తోడవుతుంది. రెండు చివరలా కుచ్చులున్న తీగ బ్రష్షు దూర్చి లాగితే వచ్చే ముద్ద చూస్తే నమ్మకం కుదురుతుంది.

ఇంపెల్లరు దగ్గరికి వద్దాం. మూత వెనక చిన్న కప్పు ఉంటుంది. తిప్పి తీస్తే నాలుగైదు రెక్కలున్న చక్రం, దానికి అతికిన నల్లని అయస్కాంతం, మధ్యలో సన్నని సిరామిక్ ఇరుసు కనిపిస్తాయి. ఇరుసుకు రెండు చివరలా చిటికెన వేలిగోరంత రబ్బరు బుష్షులుంటాయి. ఆ ఇరుసు చాక్‌పీసులా విరిగిపోతుంది కాబట్టి వంచకుండా నిటారుగా లాగాలి. బుష్షులు సింకులో జారిపోకుండా గిన్నెలో పెట్టుకోవాలి. బుష్షు లేకుండా బిగిస్తే ఇంపెల్లరు ఊగుతూ గోడకు తగిలి కటకటమంటుంది.

దీనికి పట్టే మురికి రెండు రకాలు. ఒకటి జిగురు. బాక్టీరియా పెంచుకునే మెత్తని పొర అది. రెక్కల మధ్య సందుల్లో నిండి వాటిని మొద్దుబారుస్తుంది. మోటారు అదే వేగంతో తిరుగుతున్నా ప్రతి చుట్టుకూ తోసే నీళ్లు తగ్గుతాయి. దీన్ని పాత టూత్‌బ్రష్షుతో తీసేయవచ్చు. ఇంపెల్లరు కూర్చునే గుంతను కూడా సీసాలు కడిగే సన్న బ్రష్షుతో తోమాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు. రెండోది సున్నం. హైదరాబాదు శివార్లలోనూ, రాయలసీమలోనూ గట్టి బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఇరుసు మీదా గుంత గోడల మీదా తెల్లని గరుకు పొర కడుతుంది. బ్రష్షుకు అది లొంగదు. తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, ఇంపెల్లరునూ ఇరుసునూ అందులో అరగంట నుంచి గంట నానబెడితే బుడగలు లేచి మెత్తబడుతుంది. తర్వాత బాగా కడగాలి. సబ్బు వద్దు, నూనె వద్దు. తిరిగేందుకు నూనె వేద్దామనిపిస్తుంది గానీ దాన్ని తడిపి ఉంచాల్సింది నీళ్లే, నూనె చేపల దగ్గరికి వెళుతుంది.

బిగించేముందు వేలితో తిప్పి చూడండి. అయస్కాంతం ఒక్కోచోట కాస్త పట్టి లాగినట్టుండటం సహజం. రెక్కల చక్రం అయస్కాంతం మీద కొంతమేర వదులుగా తిరగడం కూడా చాలా ఫిల్టర్లలో సహజమే. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా భారం పడకుండా అలా చేస్తారు. ఈ రకం మోటారు కుడికి తిరుగుతుందో ఎడమకు తిరుగుతుందో ముందే చెప్పలేం. రెక్కలు వంపు లేకుండా తిన్నగా ఉండేది అందుకే, ఎటు తిరిగినా నీళ్లు తోస్తాయి. రెక్క విరిగినా, అయస్కాంతం పగిలి ఉబ్బినా, ఇరుసు రంధ్రం అరిగి ఊగుతున్నా ఎంత కడిగినా లాభం లేదు. అప్పుడు కూడా కొనాల్సింది ఇంపెల్లరు ఒక్కటే, ఫిల్టరంతా కాదు. ఇసుక అడుగున్న తొట్టిలో జాలీని అడుగుకు మరీ దగ్గరగా పెట్టినవాళ్లకు ఈ అరుగుడు తొందరగా వస్తుంది. చిన్న నత్త గుల్ల రెక్కల్లో ఇరుక్కుని ఉండటం కూడా మామూలే.

ఇక కడగడంలోని అసలు ప్రమాదం. సిరామిక్ రింగుల మీదా స్పాంజీల లోపలా ఉన్న గోధుమరంగు పొరంతా మురికి కాదు. చేపలు విడిచే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా అక్కడే నివాసముంటాయి. మొదటి రెండూ చేపలకు విషం, మూడోది చాలావరకు సహించగలిగేది. కుళాయి కింద క్లోరిన్ ఉన్న మున్సిపల్ నీళ్లతో రింగుల్ని మెరిసేదాకా తోమితే ఆ బాక్టీరియాను చంపుకున్నట్టే. రెండుమూడు రోజుల్లో చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తాయి, అమ్మోనియా పెరిగిందని అప్పుడు తెలుస్తుంది. నీళ్లు మార్చేరోజు తొట్టిలోంచి తీసిన నీళ్లు బకెట్టులో పట్టి, ముతక స్పాంజిని అందులో పిండాలి, రింగుల్ని ఒక్కసారి ఆడించి తీయాలి. దూదిని ఎలాగూ పారేస్తాం. స్పాంజిని పిండిన రోజు రింగుల జోలికి వెళ్లకండి, వాటి వంతు ఇంకో నెలకు. ఎండబెట్టడం, ఉడకబెట్టడం అసలే వద్దు.

ధార సన్నబడటం ఆ బాక్టీరియాకు కూడా ఇబ్బందే. అవి ఆక్సిజన్ మీద బతుకుతాయి, ఆక్సిజన్ వాటికి నీళ్లతోనే అందాలి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, మన వేసవిలో తొట్టి నీళ్లు చేరే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు దిగుతుంది. అందుకని శీతాకాలంలో ఓర్చుకున్న సన్నధారను మే నెలలో చేపలు ఓర్చుకోలేవు. ఇంకో మోసం కూడా ఉంది. కొన్ని డబ్బాల్లో బుట్టల పక్కన సందులుంటాయి. దూది మూసుకుపోగానే నీళ్లు ఆ సందుల్లోంచి పక్కదారి పట్టి పైకి వెళ్లిపోతాయి. ధార బాగానే కనిపిస్తుంది, శుద్ధి మాత్రం జరగదు. ధార బలంగా ఉండి నీళ్లు మసకగా ఉంటే మూత తెరిచి చూడాల్సిందే.

తిరిగి బిగించేటప్పుడు జాగ్రత్తపడితే గాలి బెడద సగం తగ్గుతుంది. ఓ-రింగ్‌ను మెత్తని గుడ్డతో తుడిచి, దాని గాడిలో ఇసుకరేణువు కూడా లేకుండా చూసి, సిలికోన్ గ్రీజు సన్నగా రాయాలి. ఇంట్లో ఉంది కదా అని వాజలీన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి వదులవుతుంది. మూత పెట్టకముందే డబ్బాను తొట్టి నీళ్లతో అంచుదాకా నింపండి. మూత బిగించి, రెండు ట్యూబులూ తగిలించి, రెండు వాల్వులూ తెరవండి. ప్లగ్గు ఇంకా పెట్టకండి. దిగే నీళ్లు లోపల మిగిలిన గాలిని రెండో ట్యూబు గుండా పైకి గెంటేస్తాయి. గుడగుడ ఆగేదాకా ఆగి, అప్పుడు కరెంటు ఇవ్వండి. ఇంకా గరగరమంటే డబ్బాను మెల్లగా అటొకసారి ఇటొకసారి వంచండి, బుట్టల కింద దాక్కున్న బుడగలు కదిలి బయటికి పోతాయి. కొన్ని సెకన్లు ఆపి మళ్లీ వేస్తే ఇంపెల్లరు గదిలోని గాలి పైకి లేవడానికి వీలు దొరుకుతుంది. ఒక పూటపాటు అప్పుడప్పుడు బుడగలు రావడం మామూలే. మర్నాటికీ తగ్గకపోతే పైన చెప్పిన వంపూ ఓ-రింగూ దూదీ వరుసగా చూడాలి.

ట్యూబు పొడవు కూడా పట్టించుకోండి. మిగిలిన ట్యూబును కోయడం ఇష్టంలేక అల్మరాలో చుట్టగా పెడతారు. ఆ చుట్టలో పైకి లేచిన ప్రతి వంపూ గాలికి ఇల్లే. దిగే ట్యూబు తొట్టి అంచునుంచి డబ్బాదాకా ఎక్కడా మళ్లీ పైకి లేవకుండా దిగాలి. కోస్తే పోయేదేమీ లేదు. ఎయిర్ స్టోన్‌ను జాలీకి దూరంగా, తొట్టి రెండో చివరన పెట్టండి. దాని బుడగలు జాలీలోకి లాగబడితే మనమే ఫిల్టరుకు గాలి తాగిస్తున్నట్టు.

చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ ప్లగ్గు పీకాలి, స్విచ్చి ఆపడం చాలదు. ట్యూబు వెంట కారే నీళ్లు తీగ వెంట ప్లగ్గులోకి పోకుండా, తీగ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా అమర్చాలి.

కరెంటు కోతల గురించి విడిగా చెప్పాలి, మన దగ్గర ఇంపెల్లరు మొరాయించేది ఎక్కువగా ఆ తర్వాతే. తిరుగుతున్నంతసేపూ జిగురునూ సున్నాన్నీ నెట్టుకుంటూ తిరిగిన ఇంపెల్లరు, ఒకసారి ఆగితే మళ్లీ కదలలేకపోవచ్చు. కరెంటు వచ్చాక డబ్బా సన్నగా మూలుగుతూ వేడెక్కుతుంటుంది, నీళ్లు రావు. వెంటనే ప్లగ్గు పీకి ఇంపెల్లరు కడగాలి. పావుగంటో అరగంటో కోత అయితే డబ్బాకు ఏమీ కాదు. నాలుగైదు గంటలు దాటితే మూసి ఉన్న ఆ డబ్బాలో బాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌ను వాడేసి చావడం మొదలవుతుంది, మలినం కుళ్లుతుంది. రాత్రంతా కరెంటు లేకపోతే తెల్లారి నేరుగా స్విచ్చి వేయకండి. డబ్బా వేరుచేసి మూత తీసి వాసన చూడండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపలి నీళ్లను పారబోసి, స్పాంజీలనూ రింగులనూ తొట్టి నీళ్లలో ఆడించి, కొత్తగా నింపి అప్పుడు నడపండి. ఆ నల్లనీళ్లు ఒక్కసారిగా తొట్టిలోకి పోతే చేపలు గంటల్లో పోతాయి. ఎక్కువసేపు కోత ఉంటుందని ముందే తెలిస్తే మూత తీసి, రింగుల బుట్టను తొట్టిలోనే ముంచి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు దగ్గరగా పెట్టవచ్చు.